మూడు కన్నా ఇరవై అయిదు చిన్నదయ్యే చోట

ఆరో తరగతి పిల్లల ముందు బోర్డు మీద 0.3, 0.25 అని రాసి ఏది పెద్దదో అడగండి. దశాంశాల పాఠం అప్పటికే అయిపోయిన తరగతిలో కూడా 0.25 వైపు చేతులు చాలానే లేస్తాయి. ఎందుకని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది. "మూడు కన్నా ఇరవై అయిదు పెద్దది కదా సార్!"

ఈ జవాబు విన్న ఉపాధ్యాయుడికి మొదట తోచేది పాఠం పిల్లాడి తలకెక్కలేదని. అందుకే అదే పాఠం ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా చెబుతాడు. కానీ ఆ పిల్లాడు ఖాళీ బుర్రతో కూర్చుని లేడు. అతని దగ్గర ఒక నియమం ఉంది. దానికి కారణమూ ఉంది. ఆ నియమం ప్రకారం చూస్తే అతని జవాబులో తప్పే లేదు. పాఠం విన్నాడు, విన్నదాన్ని తన దగ్గరున్న నియమంలో ఇమిడ్చుకున్నాడు. నేర్చుకోవడాన్ని ఈ వైపు నుంచి చూసే సిద్ధాంతాన్నే నిర్మాణవాదం అంటున్నాం. జ్ఞానం చెప్పేవారి నోటి నుంచి వినేవారి తలలోకి ఉన్నదున్నట్టుగా చేరదు. వినేవారు తమకు ముందే తెలిసినదాన్ని ఆధారం చేసుకుని దాన్ని తామే కట్టుకుంటారు. సిద్ధాంతం సారమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

బి.ఎడ్., డి.ఎల్.ఎడ్. మొదటి ఏడాది విద్యార్థులకు ఈ అంశం మీద వ్యాసం రాయడం తప్పదు. పియాజే మీద ఒక పేరా, వైగాట్‌స్కీ మీద ఒకటి, బ్రూనర్ మీద ఇంకొకటి రాసి, ఉపాధ్యాయుడు బోధకుడు కాడు, సదుపాయకర్త అని ముగించడం పరిపాటి అయిపోయింది. అలాంటి వ్యాసానికి మార్కులు వస్తాయేమో గానీ, అది రాసిన మనిషికి సోమవారం పొద్దున తరగతి గదిలో ఏం చెయ్యాలో తెలియదు. అందుకని ఇక్కడ నేను 0.3, 0.25 అనే ఈ ఒక్క జతనే పట్టుకుని సిద్ధాంతం మొత్తంలోంచి నడుస్తాను. పేర్లు వాటికి పని పడిన చోట వస్తాయి.

మొదటి పని జాన్ పియాజే పేరుతోనే. 1896లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన పియాజే జీవశాస్త్రం చదువుకున్నాడు. ఇరవైల్లో ఉండగా పారిస్ వెళ్లి, తెలివితేటల పరీక్షకు ఆద్యుడైన ఆల్‌ఫ్రెడ్ బినే నెలకొల్పిన ప్రయోగశాలలో చేరాడు. బినే అప్పటికే చనిపోయాడు. ఆయన సహచరుడు సిమోన్ ఈ యువకుడికి అప్పగించిన పని ఏమంటే, ఇంగ్లండులో సిరిల్ బర్ట్ తయారు చేసిన ప్రశ్నలను ఫ్రెంచి పిల్లలకు ఇచ్చి, ఏ వయసు వాళ్లు ఎన్నింటికి సరైన జవాబు చెబుతారో లెక్కకట్టడం. పియాజే దృష్టి మాత్రం తప్పు జవాబుల మీద పడింది. ఒకే వయసు పిల్లలు ఒకే రకం తప్పులు చేస్తున్నారు. వాటి వెనక ఏదో తర్కం ఉండాలనుకుని పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఎందుకలా అనుకున్నావని అడగడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాతి జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న నుంచి వచ్చిందే.

మన 0.25 పిల్లాడి దగ్గరికి వద్దాం. ఒకటో తరగతి నుంచి అతను చూసిన ప్రతి సంఖ్యకూ ఒక గుణం ఉంది. అంకెలు ఎక్కువ ఉంటే సంఖ్య పెద్దది. 9 కన్నా 10, 99 కన్నా 100 పెద్దవి. నాలుగేళ్ల పాటు ఈ నియమం ఒక్కసారి కూడా అతన్ని మోసం చెయ్యలేదు. ఇప్పుడు మధ్యలో ఒక చుక్కతో కొత్త రకం సంఖ్య వచ్చింది. దాన్ని అతను తన దగ్గరున్న చట్రంలోనే పెట్టుకుంటాడు. చుక్కకు అటు ఒక సంఖ్య, ఇటు ఒక సంఖ్య, ఇటువైపు 25 ఉంది, 3 ఉంది, 25 పెద్దది. ఉన్న చట్రం చెక్కుచెదరకుండా కొత్తదాన్ని అందులో చేర్చుకోవడాన్ని పియాజే సాంశీకరణం అన్నాడు. చట్రం సరిపోదని తేలినప్పుడు దాన్నే మార్చుకోవడం అనుగుణ్యం. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉండటం వల్ల అవి ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే జరిగిపోతాయని అనిపిస్తుంది. జరగవు. మొదటిది తేలిక, రోజూ జరిగేది. రెండోది కష్టం. తప్పనిసరి అయితే తప్ప ఎవరూ దాని జోలికి పోరు, పెద్దవాళ్లయినా సరే.

పైగా ఇంటి దగ్గరి లోకం కూడా ఆ పిల్లాడి నియమానికే సాక్ష్యం చెబుతుంది. బిల్లు మీద 4.50 అని ఉంటే నాలుగు రూపాయల యాభై పైసలని చదువుతాం. అంటే చుక్కకు అటు రూపాయలు, ఇటు పైసలు, రెండూ పూర్ణసంఖ్యలే. దశాంశాలు చెప్పడానికి డబ్బు మంచి ఉదాహరణని చాలామంది అనుకుంటారు. అదే డబ్బు ఈ అపోహకు ఊపిరి పోస్తుంది కూడా. బిల్లుల్లో చుక్క తర్వాత ఎప్పుడూ రెండంకెలే ఉంటాయి కాబట్టి నియమం బయటపడే అవకాశమే రాదు. 4.5 రూపాయలని రాసి చూడండి, నాలుగు రూపాయల ఐదు పైసలనే పిల్లలు కనిపిస్తారు. క్రికెట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. స్కోరుబోర్డు మీద 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్లయ్యాక మూడు బంతులు, అంటే సరిగ్గా నాలుగున్నర ఓవర్లు. 4.5 తర్వాత ఇంకో బంతి పడితే 5 ఓవర్లవుతుంది. అక్కడున్న చుక్క దశాంశ బిందువే కాదు. కానీ ఆ సంగతి పిల్లలకు చెప్పిన వారెవరు? వాళ్లు ఆ చుక్కను పాఠంలోని చుక్క కన్నా ఎన్నో ఏళ్లు ముందు నుంచీ, ఎంతో ఇష్టంగా చూస్తున్నారు. చదివే తీరు కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. "సున్నా పాయింట్ ఇరవై అయిదు" అని పైకి చదివిన ప్రతిసారీ ఆ ఇరవై అయిదును పూర్ణసంఖ్యగానే పిల్లల చెవిన వేస్తున్నాం. సున్నా పాయింట్ రెండు అయిదు అని చదివితే సమస్య మొత్తం తీరదు గానీ, మనం దాన్ని పెంచకుండా ఉంటాం.

తరగతిలో ఇంకో రకం పిల్లలు కూడా ఉంటారు. వాళ్ల గురించి చెప్పడమే నాకు ముఖ్యం, ఎందుకంటే వాళ్లు ఎవరి కంటా పడరు. వీళ్లను అడిగితే 0.3 పెద్దదనే అంటారు. సరైన జవాబే, టీచరు టిక్కు పెట్టి ముందుకు పోతుంది. కారణం అడిగి ఉంటే ఇలా వినిపించేది: "పదో వంతు కన్నా నూరో వంతు చిన్నది టీచర్. 0.25లో నూరో వంతులున్నాయి, అందుకని అదే చిన్నది." పదో వంతు పెద్దది, నూరో వంతు చిన్నది అన్నంత వరకూ నిజమే. అవి ఎన్నున్నాయన్నది వదిలేసి, చుక్క తర్వాత అంకెలు తక్కువున్న సంఖ్యే పెద్దదని వాళ్లు నియమం కట్టుకున్నారు. వీళ్లకు 0.62, 0.736 ఇస్తే 0.62 పెద్దదంటారు. మొదటి రకం పిల్లాడు ఇక్కడ 0.736 అని సరైన జవాబు చెబుతాడు, తప్పు కారణంతో.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన కే స్టేసీ, విక్కీ స్టైన్లే 1990ల్లో నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా మూడు వేల మందికి పైగా పిల్లల్ని ఇలాంటి జతలతోనే పరీక్షించారు. ఏళ్ల తరబడి వాళ్లలో చాలామందిని మళ్లీ మళ్లీ కలిసి అడిగారు కూడా. అంకెలు ఎక్కువుంటే పెద్దదనే నియమం చిన్న తరగతుల్లో బాగా కనిపించి, పోనుపోను తగ్గుతుంది. తక్కువుంటే పెద్దదనే నియమం మాత్రం పైతరగతుల్లోనూ మిగిలే ఉంటుంది. మొదటిది పెద్దవాళ్ల కంటపడి దిద్దుబాటుకు నోచుకుంటుంది. రెండోది మామూలు ప్రశ్నల్లో సరైన జవాబులే ఇస్తూ దాక్కోగలదు.

సరైన జవాబుల చాటున ఏం పెరగగలదో చూపించిన అధ్యయనం ఒకటి గణిత బోధనలో చాలా ప్రసిద్ధం. 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు అమెరికాలో ఆరో తరగతి చదివే పన్నెండేళ్ల అబ్బాయితో మాట్లాడి రాసింది అది. అబ్బాయిని బెన్నీ అని పిలిచాడు. పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు పుస్తకం చూసి లెక్కలు చేసుకుని, జవాబులు సరిచూసుకుని, పరీక్ష రాసి ముందుకెళ్లే పద్ధతి ఆ బడిలో నడిచేది. బెన్నీ చురుకైన విద్యార్థి కింద లెక్క. పక్కన కూర్చుని అడిగితే తేలింది వేరు. భిన్నాన్ని దశాంశంగా మార్చడానికి అతను పైసంఖ్యను కిందిసంఖ్యతో కూడి మధ్యలో చుక్క పెడుతున్నాడు. 2/10 అంటే 1.2. 4/11 అంటే 1.5, తిరగేసి 11/4 అన్నా 1.5. 0.3, 0.4 కూడితే 0.07, ఎందుకంటే రెండు చుక్కలున్నాయి కాబట్టి చుక్క తర్వాత రెండంకెలు రావాలట. లెక్కలంటే ఎవరో ఎప్పుడో పెట్టిపోయిన నియమాల మూట అనీ, జవాబు పట్టికతో సరిపోయే నియమాన్ని వెతుక్కోవడమే తన పని అనీ అతను ఒక పూర్తి సిద్ధాంతమే కట్టుకున్నాడు. బెన్నీ సోమరి కాడు, మందబుద్ధీ కాడు. అతను ఎంతో శ్రమపడి కట్టుకున్నాడు, కట్టేటప్పుడు పక్కన ఎవరూ లేరు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు స్పష్టమయ్యేది ఒకటుంది. నిర్మాణవాదం బోధన పద్ధతి పేరు కాదు, నేర్చుకోవడం ఎలా జరుగుతుందో చెప్పే వివరణ. ఉపన్యాసం విన్నా, ఎక్కాలు వల్లె వేసినా, ప్రాజెక్టు చేసినా పిల్లలు ఏదో ఒకటి కట్టుకుంటూనే ఉంటారు. ఏం కట్టుకుంటున్నారో మనకు తెలుస్తోందా, సమయానికి మనం అక్కడ ఉన్నామా అన్నదే ఉపాధ్యాయుడి ముందున్న ప్రశ్న. మొదటి ఏడాది వ్యాసాల్లో ఎక్కువగా తప్పిపోయేది ఈ తేడానే.

ఇక తరగతిలోకి వెళదాం. ఆరో తరగతి, నలభై మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాల పీరియడ్ అనుకుందాం.

పాఠం మొదలుపెట్టకముందే టీచరు మూడు జతలు బోర్డు మీద రాస్తుంది: 0.3, 0.25, 0.62, 0.736, 0.5, 0.50. ప్రతి జతలో పెద్దది ఏదో, ఎందుకో ఒక్క వాక్యంలో రాయమంటుంది. తప్పొప్పులు చెప్పదు, కాగితాలు తీసుకుంటుంది. మూడు జవాబులూ కలిపి చూస్తే పిల్లాడి నియమం ఏమిటో దాదాపుగా తేలిపోతుంది. మొదటిది తప్పు, రెండోది ఒప్పు, మూడోదానికి 0.50 అని ఉంటే ఎక్కువ అంకెల నియమం. మొదటిది ఒప్పు, రెండోది తప్పు, మూడోదానికి 0.5 అని ఉంటే తక్కువ అంకెల నియమం. ఒక్క జతతో సరిపెట్టుకుని ఉంటే తరగతిలో కొంతమంది ఆమెకు కనిపించకుండానే పోయేవారు. 1968లో అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ ఆసుబెల్ తన పుస్తకం మొదట్లోనే, నేర్చుకోవడాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది విద్యార్థికి అప్పటికే తెలిసి ఉన్నదే అన్నాడు. అది తెలుసుకోవడానికి టీచరుకు పట్టింది పది నిమిషాలు.

మర్నాడు పిల్లల్ని నాలుగేసి మందిగా కూర్చోబెట్టి, ప్రతి గుంపుకూ సరిగ్గా ఒక మీటరు పొడవున్న కాగితపు పట్టీ ఇస్తుంది. దాని మీద గీతలూ అంకెలూ ఏమీ ఉండవు. బెంచీ పలక వెడల్పు కొలవమంటుంది. పట్టీ మరీ పెద్దది, బెంచీ దానిలో ఒక ముక్కంత కూడా లేదు. ఎంత అని ఎలా చెప్పడం? కొందరు సగానికి మడుస్తారు, మళ్లీ సగానికి మడుస్తారు. అప్పుడు టీచరు ఒక మాట చెప్పేస్తుంది: మనమంతా ఒకే తీరున కొలిస్తే పోల్చుకోవడం తేలిక, పట్టీని పది సమాన ముక్కలు చేద్దాం. పదే ఎందుకన్నది పిల్లలు కనుక్కోవాల్సిన విషయం కాదు. అది మనుషుల మధ్య ఒప్పందం. ఇప్పుడు బెంచీ మూడు ముక్కలూ ఇంకొంచెం వస్తుంది. ఆ ఇంకొంచెం కోసం ఒక ముక్కను మళ్లీ పది చెయ్యాలని ఈసారి పిల్లలే అంటారు. మూడు పెద్ద ముక్కలు, రెండు చిన్న ముక్కలు. దాన్ని 0.32 అని రాస్తారని టీచరు చెబుతుంది. రాసే పద్ధతి కూడా ఒప్పందమే కాబట్టి చెప్పెయ్యాలి.

పియాజే జ్ఞానాన్ని మూడు రకాలుగా విడదీశాడు. వస్తువుల్ని చూసీ పట్టుకునీ తెలుసుకునేది ఒకటి, సమాజం పెట్టుకున్న కట్టుబాట్లు ఒకటి, సంబంధాలు కలుపుకుంటూ మనసులో కట్టుకోవాల్సిన తార్కిక గణిత జ్ఞానం మూడోది. ఆయన దగ్గర పనిచేసిన కాన్‌స్టాన్స్ కామీ ఈ విభజనను చిన్న తరగతుల లెక్కల్లోకి తెచ్చింది. టీచరుకు ఇది చాలా పనికొచ్చే గీత. ఏప్రిల్ తర్వాత మే వస్తుందనీ, చుక్క ఎక్కడ పెడతారనీ పిల్లలు ఎంత ఆలోచించినా కనుక్కోలేరు, అవి నేరుగా చెప్పాలి. మూడు పదో వంతుల్లో ముప్ఫై నూరో వంతులు ఇమిడి ఉంటాయన్నది మాత్రం నూరుసార్లు చెప్పినా పిల్లలు తమకు తాముగా కలుపుకుంటే తప్ప పట్టుబడదు. ఏది చెప్పాలి, ఏది చెప్పకుండా ఆగాలి అన్న తికమక ఈ గీతతో చాలావరకు తీరుతుంది.

ఇప్పుడు టీచరు పిల్లల పెట్టెల్లో ఉండే ముప్ఫై సెంటీమీటర్ల స్కేలునూ, తాను ముందే కోసి ఉంచిన ఒక అట్టముక్కనూ కొలవమంటుంది. స్కేలు మీద గీతలున్న మేర సరిగ్గా మూడు పెద్ద ముక్కలు, అంటే 0.3. అట్టముక్క రెండు పెద్దవి, అయిదు చిన్నవి, అంటే 0.25. రెండింటినీ పక్కపక్కన పెడితే స్కేలే పొడుగు. నిన్న కాగితం మీద 0.25 పెద్దదని రాసిన అమ్మాయి చేతుల్లోనే ఇది జరిగింది. ఆమె ముఖంలో ఆ క్షణాన కనిపించేదాన్నే పియాజే అసమతుల్యత అన్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే చాలా పాఠాలు ఇక్కడే ముగిసిపోతాయి. ఎదురు సాక్ష్యం చూడగానే పిల్లలు నియమం మార్చుకుంటారని అనుకోకూడదు. క్లార్క్ చిన్, విలియం బ్రూవర్ 1993లో ఇలాంటి సందర్భాల్లో మనుషులు స్పందించే తీరుల్ని ఏడుగా విడదీశారు. సిద్ధాంతం మార్చుకోవడం అందులో ఒక్కటే. పట్టించుకోకపోవడం, కొట్టిపారేయడం, అది వేరే సంగతని పక్కన పెట్టడం లాంటివి మిగతావి. తరగతిలో ఇది ఇలా వినిపిస్తుంది: "కొలిస్తే స్కేలే పెద్దది టీచర్. కానీ లెక్కల్లో 0.25 పెద్దది." ఆ అమ్మాయి రెండు నియమాల్నీ రెండు గదుల్లో పెట్టుకుంది. మాటల్లేకుండా వస్తువు ఒక్కటే చేతికిస్తే జరిగేది ఇదే. నూరు గళ్ల కాగితం ఇచ్చి 0.3 రంగు వెయ్యమంటే మూడు గళ్లకే రంగు వేసే పిల్లలుంటారు. కాగితానికి తనంతట తాను ఏ అర్థమూ తెలియదు, అర్థం చూసేవారిదే.

అందుకే మాట కావాలి. వైగాట్‌స్కీ పని ఇక్కడ మొదలవుతుంది. పియాజే పుట్టిన ఏడే రష్యన్ సామ్రాజ్యంలో పుట్టిన లెవ్ వైగాట్‌స్కీ, క్షయతో ముప్ఫై ఏడేళ్లకే 1934లో చనిపోయాడు. పిల్లల మనసు ఒంటరిగా ఎదగదని, ముందు మనుషుల మధ్య మాటగా ఉన్నదే తర్వాత లోపలి ఆలోచనగా మారుతుందని ఆయన వాదన. ఒక పిల్లాడు సొంతంగా చేయగలిగిన దానికీ, తెలిసినవారి సాయంతో చేయగలిగిన దానికీ మధ్య ఉన్న మేరను సామీప్య వికాస మండలం అన్నాడు. బోధన అక్కడ జరగాలి. సొంతంగా వచ్చినదాన్ని మళ్లీ చెప్పడం వృథా, సాయం చేసినా అందనిదాన్ని చెప్పడమూ వృథా.

మన టీచరు ఎక్కువ అంకెల అమ్మాయినీ, తక్కువ అంకెల అబ్బాయినీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టి 0.62, 0.736 ఇస్తుంది. ఇద్దరి నియమాలూ తప్పే, జవాబులు మాత్రం వేరు. ఆమె 0.736 అంటుంది, అతను 0.62 అంటాడు. ఎవరి మాట వాళ్లు నిలబెట్టుకోవాలంటే కారణం పైకి చెప్పాల్సిందే. మనసులో ఉన్నంతసేపూ గట్టిగా కనిపించిన నియమం పైకి చెప్పేసరికి సందులు చూపిస్తుంది. టీచరు జవాబు చెప్పదు, ఒక్క ప్రశ్న అందిస్తుంది: "ఆరు పదో వంతులు ఒకవైపు, ఏడు పదో వంతులు ఒకవైపు. మిగిలినవన్నీ కలిపినా ఆ తేడా పూడుతుందా?" అబ్బాయి పట్టీ ముక్కలు తీసుకుంటాడు. రెండు నూరో వంతులు పెట్టినా ఇంకో పదో వంతు నిండదని చూస్తాడు. ఆరు ముక్కల వైపు పదో వంతు తక్కువే ఉంది. వంతు సైజు ఒక్కటే చూడటం చాలదని, ఎన్ని ఉన్నాయో కూడా చూడాలని అతనికి అప్పుడు తడుతుంది.

ఇలా అందించే సాయానికి స్కాఫోల్డింగ్ అని పేరు. ఇది వైగాట్‌స్కీ పెట్టిన పేరు కాదు. ఆయన పోయిన నలభై ఏళ్ల తర్వాత, 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ రాసిన వ్యాసంలోది. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 21 చెక్కముక్కల్ని పిరమిడ్‌లా పేర్చడంలో ఒక పెద్ద మనిషి ఎలా సాయపడుతుందో వాళ్లు గమనించారు. ఎక్కడ చెయ్యి అందించాలి, ఎక్కడ మాటతో సరిపెట్టాలి, ఎక్కడ ఊరుకోవాలి అన్నదే అందులో అసలు విషయం. ఇల్లు కట్టడం అయ్యాక కర్రలు తీసేసినట్టు ఈ సాయాన్ని కూడా తీసెయ్యాలి. మన తరగతిలో మొదట పట్టీ ముక్కలున్నాయి. ఆ తర్వాత పదో వంతులు, నూరో వంతులు, వెయ్యో వంతులు అని గడులు గీసిన పట్టిక వచ్చింది. మూడో రోజుకు పట్టిక కూడా లేదు. ముక్కలు లేకపోతే చెప్పలేని పిల్లలుంటే వాళ్లకు ఇంకా అందలేదని గుర్తు, వాళ్ల దగ్గర ఇంకొన్నాళ్లు ఉంచాలి.

ఇదంతా ఎందుకు, చివర సున్నాలు చేర్చి అంకెలు సమానం చెయ్యమంటే ఒక్క నిమిషంలో తేలిపోతుంది కదా అని అనుభవం ఉన్న ఉపాధ్యాయులు అడుగుతారు. 0.3ను 0.30 చేస్తే 30, 25 పోల్చడమే. న్యాయమైన ప్రశ్న. ఆ చిట్కా తప్పు కాదు, పరీక్షలో పనిచేస్తుంది. కానీ అది ఎక్కువ అంకెల పిల్లాడి నియమాన్ని కదపదు, ఇంకా బలపరుస్తుంది. చుక్క తర్వాతది పూర్ణసంఖ్యే అన్న నమ్మకంతోనే అతను 30, 25 పోలుస్తాడు. కొన్నాళ్లకు సున్నాల సంగతి మరిచిపోతే పాత జవాబు మళ్లీ పైకి వస్తుంది. సున్నా చేర్చితే విలువ ఎందుకు మారదని అడిగి చూడండి. మూడు పదో వంతుల్ని ముక్కలు చేస్తే ముప్ఫై నూరో వంతులని చెప్పగలిగిన పిల్లకు చిట్కా ఇవ్వడంలో తప్పేమీ లేదు.

ఈ సిద్ధాంతానికి గట్టి విమర్శ కూడా ఉంది, వ్యాసంలో దాన్ని దాచకూడదు. 2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ కలిసి, పెద్దగా దారి చూపకుండా పిల్లలే కనుక్కోవాలని వదిలేసే బోధన పనిచెయ్యదని వాదించారు. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగింది చాలా కొద్ది. కొత్త విషయం వెతుక్కోవడానికే ఆ కాస్త చోటూ ఖర్చయిపోతే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. మొదటిసారి నేర్చుకునేవారికి చేసి చూపించిన లెక్కలు, నేరైన వివరణ ఎక్కువ మేలు చేస్తాయి. ఈ విమర్శలో నాకు చాలా నిజం కనిపిస్తుంది. పై పాఠంలో టీచరు పట్టీలిచ్చి వెళ్లిపోయి ఉంటే నలభై అయిదు నిమిషాలూ మడతల్లోనే గడిచిపోయేవి. బెన్నీకి జరిగింది కూడా ఒకరకంగా ఇదే. అయితే ఈ విమర్శ తగిలేది పిల్లల్ని వదిలేసే పద్ధతికి. పిల్లలు తమకు తెలిసినదాని మీదే కొత్తది కట్టుకుంటారన్న వివరణను అది కాదనదు.

మన దేశంలో 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం నిర్మాణవాదాన్ని బాహాటంగా స్వీకరించింది. శాస్త్రవేత్త యశ్‌పాల్ అధ్యక్షతన అది తయారైంది. పిల్లలు జ్ఞానాన్ని నిర్మించుకుంటారన్న మాట దాని తర్వాత మన శిక్షణ తరగతుల దాకా వచ్చింది. మాట వచ్చినంత తేలికగా పని రాలేదు. ప్రాజెక్టు అంటే బొమ్మలు కొని చార్టు మీద అతికించడం, కృత్యం అంటే గైడు చూసి నింపడం అయిన చోట పిల్లల చేతులు కదులుతాయి గానీ వాళ్ల నియమం ఎవరికీ వినిపించదు. చార్టు లేకుండా, నల్లబల్ల దగ్గర నిలబడి, తప్పు జవాబు చెప్పిన పిల్లను "నువ్వెలా అనుకున్నావో చెప్పమ్మా" అని అడిగి రెండు నిమిషాలు ఆగిన టీచరు ఈ సిద్ధాంతానికి ఎక్కువ దగ్గర.

మన తరగతిలో ఇంకొంత పని మిగిలే ఉంది. పాఠం అయిన నెలకు టీచరు పాత జతల్లాంటివే మూడు మళ్లీ ఇచ్చి, వాటికి ఇంకో ప్రశ్న చేర్చాలి: 0.3కూ 0.4కూ మధ్య ఏదైనా సంఖ్య ఉందా? దీన్ని ఏ అభ్యాసంలోనూ చేయించి ఉండకూడదు. మూడు తర్వాత నాలుగే కదా అని లేదనే వాళ్లలో పూర్ణసంఖ్యల నియమం ఇంకా బతికే ఉంది. 0.35 అని ఒకటి చెప్పి ఆగిపోయినవారు కొంత దూరం వచ్చారు. "ఎన్నైనా ఉంటాయి, ముక్కలు చేసుకుంటూ పోవచ్చు" అన్నవారు పదో వంతుల లోపలికి చూడగలుగుతున్నారు. ఎక్కువ అంకెల నియమం వదిలిన పిల్లల్లో కొందరు ఈసారి తక్కువ అంకెల నియమంలోకి జారి ఉంటారు. చుక్క తర్వాతది వంతులని గట్టిగా నేర్చుకోవడం వల్లనే అలా జరుగుతుంది. జవాబు పత్రంలో వాళ్లది ఒక తప్పు పోయి ఇంకో తప్పు వచ్చినట్టు కనిపిస్తుంది. వాళ్లకు మొదటి రోజు పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. 0.62, 0.736 లాంటి జతలు రెండు మూడు, మళ్లీ ఆ పట్టీ ముక్కలు, పక్కన వాదించడానికి ఒక స్నేహితురాలు కావాలి. నాలుగు ఓవర్ల మూడు బంతుల సంగతి కూడా అప్పుడే ఎత్తవచ్చు. స్కోరుబోర్డు 4.3 అన్నదాన్ని దశాంశాల్లో ఎంత అని రాయాలో అడిగితే, ఓవరుకు ఆరు బంతులు కాబట్టి 4.5 అని లెక్కవేసి చెప్పిన పిల్లాడికి చుక్క తర్వాతి చోటు ఏ లెక్కన ముక్కలవుతుందో తెలిసినట్టే.